సోలార్ వీధి దీపం అర్ధరాత్రి ప్రాంతంలోనే ఆరిపోతోంది: బ్యాటరీ పోయిందా, ప్యానెల్‌కు ఎండ అందడం లేదా?

దారిదీపం

అందరికీ నమస్కారం. మా వీధిలో ఎనిమిది సోలార్ దీపాలు ఉన్నాయి. అవి బిగించినప్పటి నుంచి, అంటే మూడేళ్లుగా, వాటి బాగోగులు నేనే చూస్తున్నాను. నెల రోజులుగా 3వ స్తంభం, 5వ స్తంభం మీది దీపాలు తెల్లవారే దాకా వెలగడం లేదు. సాయంత్రం 6.15కు మిగతా వాటితో పాటే వెలుగుతాయి, అర్ధరాత్రికి అటూ ఇటూగా ఆరిపోతాయి, మళ్లీ మరుసటి సాయంత్రం వరకు వెలగవు. మిగతా ఆరు దీపాలు ఏ లోపమూ లేకుండా పనిచేస్తున్నాయి.

ఒక్కో స్తంభానికి 50 వాట్ల ప్యానెల్, 12.8 వోల్టుల 24 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, పెట్టెలో ఒక కంట్రోలర్, 12 వాట్ల ఎల్‌ఈడీ దీపం ఉన్నాయి. మొదటి ఐదు గంటలు పూర్తి వెలుగు, ఆ తరువాత తెల్లవారే వరకు 40 శాతం వెలుగు వచ్చేలా రిమోట్‌తో అమర్చి ఉంది. నిన్న ఉదయం పది గంటలకు రెండు స్తంభాల పెట్టెలూ తెరిచి బ్యాటరీల వోల్టేజి కొలిచాను. రెండింటిలోనూ 13.2 వచ్చింది కాబట్టి బ్యాటరీలు బాగానే ఉన్నట్టు నాకు తోచింది. అయినా దీపాలు ఎందుకు ఆరిపోతున్నాయో అర్థం కావడం లేదు. రెండు బ్యాటరీలూ మార్చక తప్పదా?

తీగలబండి

దారిదీపం గారూ, మూడేళ్లు నిండాయని మీరే రాశారు. ఇలాంటి దీపాల్లో ముందుగా పోయేది బ్యాటరీయే. నేను చూసిన వాటిలో చాలా మటుకు బ్యాటరీ మార్చగానే సరైపోయాయి. ప్యానెల్ ఇరవై ఏళ్లు నడుస్తుంది, కంట్రోలర్ పోతే దీపం అసలు వెలగదు. కాబట్టి మిగిలింది బ్యాటరీ ఒక్కటే. రెండూ మార్చేయండి.

మేడమీదగది

మా ఇంట్లో కూడా ఇదే సమస్య వచ్చింది. రాత్రి పూట లోడు ఎక్కువైతే ఇన్వర్టర్ దానంతట అదే ఆగిపోతోంది. ఫ్రిజ్‌ను ఇన్వర్టర్ లైను నుంచి తప్పించాక సమస్య తీరింది. మీ దీపాల లైను మీద ఇంకెవరైనా ఏదైనా కలుపుకున్నారేమో చూడండి.

దారిదీపం

మేడమీదగది గారూ, ఇవి ఒకే లైను మీద ఉన్న దీపాలు కావండి. ఏ స్తంభం ప్యానెల్, బ్యాటరీ ఆ స్తంభానివే. ఇన్వర్టర్ గానీ, బయటి నుంచి వచ్చే కరెంటు గానీ లేవు.

నిదానం

బ్యాటరీలు కొనేముందు కొంచెం ఆగండి. ఉదయం పది గంటలకు కొలిచిన 13.2 వోల్టుల వల్ల మనకు తెలిసేది దాదాపు ఏమీ లేదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వోల్టేజి, అది పావు వంతు నిండినప్పుడూ ముప్పావు నిండినప్పుడూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పైగా రాత్రి పూర్తిగా ఖాళీ అయి దీపం ఆరిపోయినా, లోడు తొలగగానే వోల్టేజి తిరిగి పైకి లేస్తుంది. ఉదయం ఎండ తగిలితే ఇంకా పెరుగుతుంది. అందుకే మీటరు పట్టుకొని పగటి పూట వచ్చినవారికి ప్రతి బ్యాటరీ ఆరోగ్యంగానే కనిపిస్తుంది.

ఇక్కడ తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే. మీ బ్యాటరీ త్వరగా నిండి త్వరగా ఖాళీ అవుతోందా, లేక పగలంతా గడిచినా అసలు నిండడమే లేదా? మొదటిదైతే బ్యాటరీ పట్టు తగ్గిపోయింది, అందులో ఇక చోటు లేదు. రెండోదైతే బ్యాటరీ నిక్షేపంగా ఉండవచ్చు, దానికి తిండే అందడం లేదు. అప్పుడు లోపం ప్యానెల్‌లో గానీ, నీడలో గానీ, తీగల్లో గానీ, కంట్రోలర్‌లో గానీ ఉంటుంది. రెండు లోపాలకూ బయటికి కనిపించే లక్షణం ఒక్కటే, అర్ధరాత్రి చీకటి.

కాబట్టి నాలుగైదు రోజుల పాటు రెండు పనులు చేయండి. ఏ దీపం ఏ సమయానికి ఆరిందో, ఆ రోజు ఎండ ఎలా ఉందో రాసి పెట్టుకోండి. మధ్యాహ్నం నాలుగు గంటలకు పెట్టె తెరిచి, బ్యాటరీ నిండిందని కంట్రోలర్ చూపిస్తోందా, ఇంకా నింపుతూనే ఉందా అన్నది చూడండి. రెండు స్తంభాలనూ విడివిడిగా రాయండి. లక్షణం ఒకటే కాబట్టి కారణం కూడా ఒకటే అయి ఉంటుందని ముందే అనుకోకండి.

పొద్దుతిరుగుడు

నా అనుభవం కూడా చెప్పాలనిపించింది. మా తోటలో ప్యానెల్, బ్యాటరీ, దీపం అన్నీ ఒకే డబ్బాలో ఉండే రకం పెట్టాము. అది రోజూ రాత్రి పది గంటలకు ఆరిపోయేది. బ్యాటరీ మార్చినా మార్పు లేదు. చివరికి తెలిసింది ఏమిటంటే, పక్కింటి మేడ మీద ఒక పెద్ద ఫ్లడ్ లైటు పది గంటలకు వెలుగుతోంది, ఆ వెలుతురు నేరుగా మా ప్యానెల్ మీద పడుతోంది. ప్యానెల్‌లో వోల్టేజి పుడితే పగలు, లేకపోతే రాత్రి అని కంట్రోలర్ లెక్క వేసుకుంటుంది కాబట్టి, అది తెల్లవారిందని భావించి దీపం ఆర్పేస్తోంది. ప్యానెల్ మీద మందపాటి గుడ్డ కప్పగానే కొద్దిసేపటికి దీపం వెలిగింది. మీరూ ఆ పరీక్ష ఒకసారి చేసి చూడండి.

దారిదీపం

ఐదు రోజుల తరువాత వస్తున్నాను. పొద్దుతిరుగుడు గారు చెప్పినట్టు, ఆరిపోయిన తరువాత రెండు ప్యానెళ్ల మీదా దుప్పటి కప్పి చూశాము. పది నిమిషాలు ఆగినా దీపాలు వెలగలేదు. చుట్టుపక్కల పెద్ద దీపాలు కూడా లేవు.

నిదానం గారు రాయమన్న సమయాలు ఇవి. 3వ స్తంభం దీపం మొదటి రాత్రి 1.10కి, రెండో రాత్రి 12.50కి, మూడో రాత్రి 9.40కే, నాలుగో రాత్రి 1.00కి ఆరింది. 5వ స్తంభం దీపం వరుసగా 11.40, 11.45, 11.40, 11.35కు ఆరింది. మూడో రోజు మధ్యాహ్నం వరకు దట్టంగా మబ్బు పట్టి, ఆ తరువాత సాయంత్రం వరకు మంచి ఎండ కాసింది. మిగతా రోజుల్లో ఎండకు లోటు లేదు.

నాలుగు గంటలకు చూస్తే, 3వ స్తంభం కంట్రోలర్‌లో ఛార్జింగ్ దీపం ఇంకా మిణుకుతూనే ఉంది, వోల్టేజి 13.3 దగ్గరే ఉంది. 5వ స్తంభంలో మాత్రం ఎండ ఉన్న రోజుల్లో ఉదయం పదకొండుంపావుకే బ్యాటరీ నిండినట్టు కంట్రోలర్ చూపించింది, వోల్టేజి 14.4 ఉంది.

తీగలబండి

5వ స్తంభం విషయం తేలిపోయింది. రోజూ ఒకే సమయానికి ఆరుతోంది, పైగా సాయంత్రం 6.15 నుంచి ఐదు గంటలంటే 11.15. అంటే పూర్తి వెలుగు సమయం అయిపోగానే ఆరిపోయేలా ఎవరో రిమోట్‌తో అమర్చి ఉంటారు. టైమర్ మార్చండి. 3వ దానికి ప్యానెల్ తనిఖీ చేయండి. మంచి ఎండలో తీగలు విప్పి వోల్టేజి కొలవండి, 20 దాటితే ప్యానెల్ బాగున్నట్టే.

నిదానం

తీగలబండి గారూ, టైమర్ అన్న అనుమానం న్యాయమైనదే, దాన్ని కొట్టిపారేయకుండా పరీక్షించాలి. 5వ దీపం ఆరిన వెంటనే రిమోట్‌లో ఉన్న టెస్ట్ మీట నొక్కండి. టైమర్ వల్ల ఆరితే బ్యాటరీలో శక్తి ఇంకా ఉంటుంది కాబట్టి దీపం వెలుగుతుంది. ఖాళీ అయి ఆరితే వెలగదు. ఇంకొక గమనిక, 11.15కు ఆరిపోయేలా అమర్చిన టైమర్ 11.40కి ఆర్పదు.

నాకు అన్నింటికంటే విలువైనదిగా కనిపించింది మీరు రాసిన మూడో రోజు. ఆ రోజు ఉదయమంతా మబ్బు, మధ్యాహ్నం నుంచి ఎండ. 5వ స్తంభం ఆ మధ్యాహ్నపు ఎండతోనే తన మామూలు సమయం వరకు వెలిగింది. 3వ స్తంభం మాత్రం మూడున్నర గంటలు తిరగకుండానే ఆరిపోయింది. అంటే 3వ స్తంభానికి ఉదయపు ఎండ అందుతోంది, మధ్యాహ్నపు ఎండ అందడం లేదని నా అనుమానం. ప్యానెల్ దుమ్ము పట్టినా, పాతబడినా ఉదయం ఎంత నష్టమో మధ్యాహ్నమూ అంతే నష్టం ఉండాలి. ఒక పూట మాత్రమే నష్టం ఉందంటే ముందు నీడ కోసం వెతకాలి.

అందుకని 3వ స్తంభంలో ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు వరకు గంటకొకసారి, కంట్రోలర్ నుంచి బ్యాటరీలోకి ఎంత కరెంటు వెళ్తోందో కొలవండి. వోల్టేజి వద్దు, కరెంటే కావాలి.

దారిదీపం

క్లాంప్ మీటరు బ్యాటరీ తీగ చుట్టూ పెట్టి చూశాను. ఉదయం నుంచి ప్రతిసారీ 0.0 చూపిస్తోంది, నాలుగు గంటలకు కూడా అంతే. ఛార్జింగ్ అసలు జరగడం లేదనుకోవాలా? కానీ రాత్రి ఒంటి గంట వరకు దీపం వెలుగుతోంది కదా.

నిదానం

మీ క్లాంప్ మీటరు ఇంటి కరెంటు కోసం, అంటే ఏసీ కోసం తయారైనది అయి ఉంటుంది. మామూలు క్లాంప్ మీటర్లకు డీసీ కరెంటు కనబడదు, ఎంత ప్రవహించినా సున్నాయే చూపిస్తాయి. డీసీ గుర్తు ఉన్న క్లాంప్ దొరకకపోతే, మల్టీమీటరును 10 ఆంపియర్ల సాకెట్‌కు మార్చి, బ్యాటరీ ప్లస్ తీగకు వరుసలో కలపండి.

తీగ విప్పేటప్పుడు క్రమం మరవకండి. ముందు ప్యానెల్ మీద గుడ్డ కప్పి, దాని కనెక్టర్ విప్పాలి, ఆ తరువాతే బ్యాటరీ తీగ విప్పాలి. తిరిగి కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, చివర ప్యానెల్. బ్యాటరీ లేకుండా ప్యానెల్ మాత్రమే కంట్రోలర్‌కు తగిలి ఉంటే ఆ వోల్టేజికి కొన్ని కంట్రోలర్లు దెబ్బతింటాయి. నిచ్చెన ఎక్కేటప్పుడు కింద ఒక మనిషి ఉండాలి.

దారిదీపం

మీటరు వరుసలో కలిపాను. మొదట తీగలబండి గారు చెప్పిన పరీక్ష కూడా చేశాను, ఎందుకంటే అప్పటికే మధ్యాహ్నం ఒంటి గంట అయింది. కంట్రోలర్ నుంచి విప్పిన ప్యానెల్ వోల్టేజి 20.6 వచ్చింది. రెండు తీగలనూ మీటరుతో కలిపి షార్ట్ సర్క్యూట్ కరెంటు కొలిస్తే 2.6 ఆంపియర్లు వచ్చింది. రెండూ చక్కగా ఉన్నాయి. కానీ ప్యానెల్‌ను తిరిగి కంట్రోలర్‌కు కలిపి చూస్తే, బ్యాటరీలోకి వెళ్తున్నది 0.3 ఆంపియర్లు మాత్రమే.

తీగలబండి

అయితే కంట్రోలర్ పోయింది, ఇక సందేహం లేదు. ప్యానెల్ 2.6 ఆంపియర్లు ఇవ్వగలుగుతోంది, బ్యాటరీకి 0.3 మాత్రమే చేరుతోంది. మధ్యలో ఉన్నది కంట్రోలరే కదా. 3వ స్తంభానికి కొత్త కంట్రోలర్ వేయండి.

నిదానం

ఇక్కడ చాలామంది పొరపడతారు, నేనూ ఒకప్పుడు ఇలాగే ఆలోచించి ఒక మంచి కంట్రోలర్‌ను మార్చేశాను. ప్యానెల్ మీద ఒక మూల నీడ పడినా, ఈ రెండు కొలతలూ బాగానే వస్తాయి. కారణం వివరిస్తాను.

మీ 50 వాట్ల ప్యానెల్‌లో సాధారణంగా 36 సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి. వాటిని 18 చొప్పున రెండు భాగాలుగా చేసి, ఒక్కో భాగానికి ఒక బైపాస్ డయోడ్ వేస్తారు. వెనక ఉన్న నల్లని జంక్షన్ డబ్బాలో ఆ డయోడ్లు కనబడతాయి. వరుసలో ఉన్న సెల్స్ అంటే ఒకే గొట్టంలో పారే నీళ్ల లాంటివి. ఒక్క సెల్ మీద నీడ పడితే ఆ భాగమంతటి కరెంటు ఆ సెల్ ఇవ్వగలిగినంతకే పడిపోతుంది. అప్పుడు మిగిలిన భాగం తన కరెంటును డయోడ్ గుండా పక్కదారిలో పంపగలదు, కానీ ఆ దారిలో వెళ్తే ప్యానెల్ వోల్టేజి సగానికి, అంటే దాదాపు 9 వోల్టులకు తగ్గిపోతుంది.

షార్ట్ చేసి కొలిచినప్పుడు వోల్టేజి అవసరం లేదు కాబట్టి, నీడలేని సగం తన పూర్తి కరెంటును పక్కదారిలో పంపి మీకు 2.6 చూపిస్తుంది. తీగలు విప్పి వోల్టేజి కొలిచినప్పుడు కరెంటు అవసరం లేదు, నీడలో ఉన్న సెల్ కూడా ఆకాశపు వెలుతురుతో తన వంతు వోల్టేజిని దాదాపుగా ఇస్తుంది, కాబట్టి 20.6 వస్తుంది. కానీ బ్యాటరీని నింపాలంటే 13 వోల్టులకు పైన కరెంటు కావాలి. 9 వోల్టులతో 13 వోల్టుల బ్యాటరీలోకి ఏమీ పోదు. మిగిలేది నీడలో ఉన్న సెల్ ఇచ్చే ఆ 0.3 మాత్రమే. అరచేతి వెడల్పు నీడ పడితే ప్యానెల్ సగం శక్తి కాదు, దాదాపు మొత్తం శక్తి పోతుంది.

నీడ రెండు భాగాల మీదా అడ్డంగా పడితే షార్ట్ సర్క్యూట్ కరెంటు కూడా పడిపోయేది, మీకు అప్పుడే తెలిసిపోయేది. మీ దాంట్లో అది పడలేదు కాబట్టి, ఒంటి గంట సమయానికి నీడ ఒక పక్కకే పరిమితమై ఉంటుంది. రేపు ఒంటి గంటకు ప్యానెల్‌కు ఎదురుగా, దాని ఎత్తుకు దగ్గరగా ఉన్న ఏ మేడ మీద నుంచైనా ఫోటో తీయండి. నేల మీద నిలబడి చూస్తే ప్యానెల్ ముఖం కనబడదు.

దారిదీపం

మీరు చెప్పినది అక్షరాలా నిజమైంది. ఎదురు మేడ మీద నుంచి ఫోటో తీశాను. స్తంభానికి నైరుతిలో ఉన్న వేప చెట్టు కొమ్మ ఒకటి పైకి ఎదిగింది. ఒంటి గంటకు దాని నీడ ప్యానెల్ ఎడమ అంచు మీద, కింది మూలలో, రెండు సెల్స్ వెడల్పున పడుతోంది. ఆకుల నీడ కాబట్టి చూడడానికి పల్చగా ఉంది, కింద నుంచి చూస్తే నేను పట్టించుకునేవాడినే కాదు. మూడు గంటలకు అదే నీడ ప్యానెల్ కింది సగమంతా పాకింది.

గంట గంటకూ కొలిచిన కరెంటు కూడా రాస్తున్నాను. ఎనిమిదికి 0.4, తొమ్మిదికి 0.9, పదికి 1.5, పదకొండుకు 1.9 ఆంపియర్లు. పన్నెండుకు ఒక్కసారిగా 0.3కు పడిపోయింది. ఒంటి గంటకు 0.3, రెండింటికి 0.3, మూడింటికి 0.2, నాలుగింటికి 0.1. రాత్రి దీపం తీసుకునే కరెంటు కూడా కొలిచాను. పూర్తి వెలుగులో 1.04, తగ్గిన వెలుగులో 0.42 ఆంపియర్లు.

నాకు ఒక్కటే సందేహం. ఈ చెట్టు కొత్తది కాదు, మూడేళ్లుగా అక్కడే ఉంది. ఈ నెలలోనే ఎందుకు సమస్య వచ్చింది?

నిదానం

కొమ్మ పెరగడం ఒక కారణం, సూర్యుడు జరగడం మరొకటి. జూన్ 21 ప్రాంతం నుంచి డిసెంబరు 22 ప్రాంతం లోపు సూర్యుడు ఆకాశంలో 47 డిగ్రీల మేర దక్షిణానికి జరుగుతాడు. ఎండాకాలంలో కొమ్మకు పైగా వెళ్లిన ఎండ, ఇప్పుడు కొమ్మ వెనకగా వెళ్తోంది. దీపాలు బిగించేవారు తాము వెళ్లిన రోజున నీడ లేదని చూసి తృప్తి పడతారు. మిగతా నెలల్లో నీడ ఎక్కడ పడుతుందన్నది మాత్రం బిగించేవారిని అడగవలసిన ప్రశ్నే అని నా గట్టి అభిప్రాయం.

లెక్కలపుస్తకం

ఇన్ని రోజులుగా చదువుతున్నాను, అంకెలు వచ్చాయి కాబట్టి కలిపి చూశాను. గంటకొకసారి కొలిచిన కరెంట్లను కూడితే రోజంతటికీ 5.9 ఆంపియర్ అవర్లు వచ్చింది. దీపం ఒంటి గంటకు ఆరిందనుకుంటే, ఐదు గంటలు 1.04 చొప్పున 5.2, ఆ తరువాత ఒకటి ముప్పావు గంట 0.42 చొప్పున 0.7, మొత్తం 5.9 ఆంపియర్ అవర్లు ఖర్చయింది. వచ్చినదీ పోయినదీ సరిగ్గా సమానం. అంటే 3వ బ్యాటరీ తనకు అందినదంతా తిరిగి ఇస్తోంది, రోజూ అడుగంటి, రోజూ కొత్తగా మొదలవుతోంది. ఆ బ్యాటరీ మార్చి ఉంటే కొత్తది కూడా వారం పది రోజుల్లో ఒంటి గంటకే ఆరిపోయేది.

రాత్రంతా వెలగాలంటే 11.75 గంటలకు దాదాపు 8 ఆంపియర్ అవర్లు కావాలి. నీడ లేని రోజున ఈ ప్యానెల్ 10 నుంచి 11 దాకా ఇవ్వగలదని ఉదయపు కొలతలను బట్టి అంచనా. రోజుకు మిగిలేది రెండున్నర మాత్రమే. కాబట్టి కొమ్మ కొట్టిన రాత్రే దీపం తెల్లవార్లూ వెలగవచ్చు గానీ, 24 ఆంపియర్ అవర్ల బ్యాటరీ పూర్తిగా నిండడానికి తొమ్మిది పది రోజులు పడుతుంది. ఈలోగా ఒక్క రోజు గట్టిగా మబ్బు పట్టినా మళ్లీ మధ్యలో ఆరిపోవచ్చు, దాన్ని చూసి మరమ్మతు ఫలించలేదని అనుకోకండి.

పొద్దుతిరుగుడు

ఈ సగం సగం లెక్క మా డబ్బా రకం దీపాలకు కూడా వర్తిస్తుందా? మా దాంట్లో బ్యాటరీ 3.2 వోల్టులది, ప్యానెల్ చాలా చిన్నది.

నిదానం

అలాగే వర్తించదండి. చిన్న ప్యానెళ్లలో చాలా వాటికి బైపాస్ డయోడే ఉండదు. నీడ పడితే షార్ట్ సర్క్యూట్ కరెంటు కూడా పడిపోతుంది, కాబట్టి కొలత అక్కడ మోసం చేయదు. కానీ నష్టం మాత్రం అంతే.

దారిదీపం

కొమ్మ కొట్టించి నాలుగు రోజులైంది. చెట్టుకు హాని కలగకుండా ఆ ఒక్క కొమ్మనే, మొదలు దగ్గర తీయించాము. నాలుగు రాత్రులూ 3వ దీపం తెల్లవారే వరకు వెలిగింది. పన్నెండు గంటలకు కరెంటు ఇప్పుడు 2.3 వస్తోంది.

ఇక 5వ స్తంభం. దీపం 11.40కి ఆరగానే టెస్ట్ మీట నొక్కాను, వెలగలేదు. కాబట్టి టైమర్ కాదు. పగలు కరెంటు చూస్తే ఉదయం పదకొండు వరకు మిగతా దీపాలకు వచ్చినట్టే వచ్చి, పదకొండుంపావుకు ఒక్కసారిగా సున్నా అయింది. అప్పటి వరకు అది తీసుకున్నది లెక్క వేస్తే ఐదున్నర ఆంపియర్ అవర్లు.

తీగలబండి

టైమర్ విషయంలో నేను పొరపడ్డాను. కానీ మొదటి రోజు నేను చెప్పిన మాట ఈ స్తంభానికి నిజమైంది. 24 పట్టవలసిన బ్యాటరీ ఐదున్నరే పడుతోంది. ఇది బ్యాటరీ లోపమే.

నిదానం

అవును, ఈ స్తంభానికి మీ మాటే సరైనది. త్వరగా నిండి త్వరగా ఖాళీ అవడం అంటే ఇదే. అయితే బ్యాటరీలో ఏం జరిగిందో చూడకుండా పారేయకండి. అందులో నాలుగు సెల్స్ వరుసగా ఉంటాయి, వాటిని బీఎంఎస్ అనే చిన్న బోర్డు కాపాడుతుంది. ఏ ఒక్క సెల్ 3.65 వోల్టుల ప్రాంతానికి చేరినా అది ఛార్జింగ్ ఆపేస్తుంది, ఏ ఒక్కటి 2.5 ప్రాంతానికి దిగినా దీపం ఆపేస్తుంది. ఛార్జింగ్ తెగగానే కంట్రోలర్ వైపు వోల్టేజి 14.4కు ఎగబాకుతుంది, అందుకే దానికి బ్యాటరీ నిండినట్టు కనిపిస్తుంది.

ఒక్కో సెల్ నుంచి ఆ బోర్డుకు వచ్చే సన్నని బ్యాలెన్స్ తీగల కనెక్టర్ చేతికి అందితే, పదకొండుంపావుకు ఒకసారి, రాత్రి ఆరిన వెంటనే ఒకసారి నాలుగు సెల్స్ వోల్టేజీలు విడివిడిగా కొలవండి. పగలు అందరికంటే పైకి వెళ్లిన సెల్, రాత్రి అందరికంటే కిందికి దిగిన సెల్ ఒకటే అయితే ఆ సెల్ పట్టు తగ్గిపోయింది, దానికి మందు లేదు. పగలు పైకి వెళ్లినది ఒకటి, రాత్రి కిందికి దిగినది మరొకటి అయితే సెల్స్ ఆరోగ్యంగానే ఉండి, సమానంగా నిండకుండా తప్పిపోయాయని అర్థం. అది నిదానంగా సమం చేస్తే తిరిగి వస్తుంది. కొలిచేటప్పుడు మీటరు మొన ఏదీ పక్కపక్కనున్న రెండు పిన్నులకు ఒకేసారి తగలకుండా జాగ్రత్త పడండి, లిథియం బ్యాటరీ షార్ట్ అయితే చేతులు కాలతాయి.

దారిదీపం

పగటి కొలతలు: ఒకటో సెల్ 3.42, రెండోది 3.41, మూడోది 3.66, నాలుగోది 3.40. రాత్రి ఆరిన నిమిషంలో: 3.22, 3.21, 2.58, 3.22. రెండుసార్లూ మూడో సెల్లే.

నిదానం

అయితే మూడో సెల్ పట్టు పోయింది. మిగతా మూడింటికీ పని చెప్పే అవకాశమే అది ఇవ్వడం లేదు.

తీగలబండి

అదే సామర్థ్యం ఉన్న సెల్ ఒకటి తెచ్చి మార్చితే సరిపోతుంది. మూడు మంచి సెల్స్ ఉండగా మొత్తం బ్యాటరీ మార్చడం అన్యాయం. నేను అలా మార్చిన బ్యాటరీలు నడుస్తున్నాయి.

నిదానం

నేను ఒప్పుకోలేకపోతున్నాను. మూడేళ్లు వాడిన మూడు సెల్స్ పక్కన కొత్తది వేస్తే, మిగతా మూడింటిలో తరువాతి బలహీనమైనది త్వరలోనే ఇదే పని చేస్తుంది. పైగా ఆ సెల్స్ పలకలకు వెల్డింగ్ చేసి ఉంటాయి, స్తంభం కింద కూర్చొని టంకం కాకతో అతికిస్తే సెల్ లోపల దెబ్బతింటుంది. సరైన వెల్డింగ్ యంత్రం, మార్చే ముందు నాలుగింటినీ ఒకే స్థాయికి నింపే సదుపాయం ఉన్నవారైతే ప్రయత్నించవచ్చు.

లెక్కలపుస్తకం

మిగతా మూడింటి పట్టు ఎంత మిగిలిందో కొలవకుండా ఇద్దరిలో ఎవరిది సరైన మాటో చెప్పలేము. పాత సెల్ తీసేశాక ఆ మూడింటినీ పూర్తిగా నింపి, తెలిసిన లోడుతో ఎన్ని గంటలు వస్తాయో చూస్తే తేలుతుంది. 1 ఆంపియర్ లోడుతో ఇరవై గంటలకు పైగా వస్తే తీగలబండి గారి మాట, పదిహేను దగ్గర ఆగితే నిదానం గారి మాట.

దారిదీపం

వెల్డింగ్ యంత్రం ఉన్న మనిషి ఒకరు మాకు తెలుసు. బ్యాటరీని అతని దగ్గరికి పంపి, ముందు ఆ మూడు సెల్స్ పరీక్ష చేయిస్తాను. బ్యాటరీ పంపే వరకు 5వ దీపాన్ని రిమోట్‌తో సాయంత్రం నుంచే 40 శాతం వెలుగుకు తగ్గించి వాడుదామని రెండు రాత్రులు చూశాను, 0.42 చొప్పున తెల్లవారే వరకు సరిపోతోంది. వెలుగు పల్చగా ఉంది గానీ మలుపు దగ్గర చీకటి లేదు. పరీక్ష ఫలితం రాగానే గంటల లెక్కతో సహా ఇక్కడే రాస్తాను.